మ్యూట్ చేసుకోవచ్చు, రేపు ఈ వేళకు బదులిస్తే చాలు: వీధి గ్రూపుకు ఒక పరిచయ వాక్యం

మన హోసూరులో ఒకే వీధిలో నివసించే వారందరి దినచర్య ఒకటి కాదు. ఒక ఇంటి యజమాని కర్మాగారంలో రాత్రి షిఫ్టు ముగించుకొని ఉదయం ఆరున్నరకు ఇల్లు చేరి, వీధి అంతా మేలుకొనే వేళకు నిద్రకు ఉపక్రమిస్తాడు. పక్కింటివారు గులాబీ తోట పెట్టుకొన్నవారు; తెల్లవారకముందే పూలు కోసి, కట్టలు కట్టి, వాటిని సంతకు చేర్చే తొందరలో ఉంటారు. ఎదురింటి ఉపాధ్యాయురాలు పాఠశాల వేళల్లో ఫోను ముట్టరు. మూలయింటి పెద్దాయనకు ఫోను ఉన్నది గాని, దానిని చూసేది సాయంత్రం ఇల్లు చేరే మనుమడు. ఈ నలుగురూ ఒకే వాట్సాప్ గ్రూపులో సభ్యులు. వీధికి నీరు వచ్చే వేళ, చెత్తబండి రాని దినం, దీపం వెలగని స్తంభం, అన్నీ ఆ గ్రూపులోనే తెలియవలసి ఉన్నది.

ఇటువంటి గ్రూపు సాగాలంటే, మొదటిరోజే సభ్యులకు రెండు మాటలు స్పష్టంగా, మృదువుగా చెప్పవలసి ఉంటుంది. ఒకటి, గ్రూపు శబ్దాన్ని ఎవరైనా ఆపుకోవచ్చునని. రెండవది, అడిగిన విషయానికి ఒక రోజు గడువులో బదులిస్తే సరిపోతుందని. ఈ రెండు మాటలను ఎందుకు చెప్పాలి, తెలుగులో ఎట్లా చెప్పాలి, చెప్పిన తరువాత గ్రూపు నడిపే వ్యక్తి ఎట్లా నడుచుకోవాలి అన్నవే ఈ పాఠంలోని విషయం.

మొదట, మ్యూట్ అంటే ఏమి జరుగుతుందో తెలుసుకొందాం. ఈ విషయంలో అపోహలు అధికం. వాట్సాప్‌లో గ్రూపును తెరచి, పైన కనిపించే గ్రూపు పేరును తాకితే వచ్చే పుటలో నోటిఫికేషన్లకు సంబంధించిన చోట ‘Mute notifications’ అనే అంశం ఉంటుంది. దానిని ఎంచుకొంటే ‘8 hours’, ‘1 week’, ‘Always’ అనే మూడు గడువులు కనిపిస్తాయి. ఏది ఎంచుకొన్నా సందేశాలు రావడం ఆగదు. అవి వచ్చినప్పుడు ఫోను మోగదు, అదరదు, అంతే. సభ్యుడు తనకు వీలైనప్పుడు గ్రూపును తెరిస్తే అన్నీ అక్కడే వరుసగా ఉంటాయి. తాను మ్యూట్ చేసుకొన్న సంగతి ఇతరులకు తెలియదు. రాత్రి షిఫ్టు చేసేవారికి ఎనిమిది గంటల గడువు నిద్రకు సరిగ్గా సరిపోతుంది గాని, దానిని ప్రతిరోజూ మరల పెట్టుకోవాలి. అది విసుగనిపించేవారు ‘Always’ ఎంచుకొని, రోజుకొక వేళ గ్రూపు చూడడం అలవాటు చేసుకొంటారు. ఇందులో తప్పేమీ లేదు.

ఒక మినహాయింపు మాత్రం గుర్తుంచుకోవాలి. గ్రూపు మ్యూట్‌లో ఉన్నప్పటికీ, ఎవరైనా @ గుర్తుతో మీ పేరును ప్రస్తావించినా, మీ సందేశానికే నేరుగా బదులు పెట్టినా, ఫోను మీకు తెలియజేస్తుంది. ఇది మంచికే గాని, ప్రతి చిన్న విషయానికీ పదిమంది పేర్లు వరుసగా పెట్టే అలవాటు ఉన్నవారు గ్రూపులో ఒక్కరున్నా మ్యూట్ వలన ప్రయోజనం పోతుంది. కావున ‘మ్యూట్ చేసుకోవచ్చు’ అని చెప్పిన గ్రూపులో పేరు పెట్టి పిలవడం, ఆ మనిషితోనే నిజంగా పని ఉన్నప్పటికి పరిమితం కావాలి.

మ్యూట్‌కు అనుమతి చెప్పకపోతే ఏమవుతుంది? సభ్యులు శబ్దానికి విసిగి గ్రూపు నుండి వైదొలగుతారు. శుభోదయ చిత్రాలు, పండుగ శుభాకాంక్షలు, వాటికి నలభై నమస్కారాలు, వీటి నడుమ పగటి నిద్ర చెడిన మనిషి ఒకనాడు విసుగుతో బయటకు పోతాడు. అతడు తప్పించుకొన్నది శుభోదయాలనే అయినా, వాటితోబాటు నీరు రాదన్న కబురు కూడా అతనికి అందకుండా పోతుంది. తరువాత ఒక ఆదివారం ఇంట్లో చుక్క నీరు లేని వేళ ‘నాకెవరూ చెప్పలేదు’ అంటాడు. ‘మీరే కదా గ్రూపు విడిచిపోయారు’ అని వీధి అంటుంది. ఇరువైపులా నిజమే. ఈ పేచీకి మూలం అతని అలక కాదు, ఉండి కూడా నిశ్శబ్దంగా ఉండవచ్చునని అతనికెవరూ చెప్పకపోవడం.

ఇక మాటల సంగతి. పురపాలక ప్రకటనలను మూడు భాషల మధ్య మార్చే పనిలో ఉన్నందున, ఈ ఒక్క వాక్యం ఎన్ని విధాలుగా చెడిపోగలదో నాకు పరిచయమే. ‘సభ్యులు గ్రూపును మ్యూట్ చేసుకొనుటకు అనుమతించబడుదురు’ అని రాస్తే అర్థం తప్పు కాదు. కాని అనుమతి ఇచ్చే అధికారి ఒకరు పైన కూర్చున్నట్లు, అతడు రేపు దానిని వెనక్కి తీసుకోగలడన్నట్లు ధ్వనిస్తుంది. ‘మ్యూట్ చేసుకోగలరు’ అంటే మరొక చిక్కు. తెలుగులో ‘గలరు’ అన్నది మొదట సామర్థ్యాన్ని చెప్పే మాట. కార్యాలయ భాషలో మాత్రం ‘హాజరు కాగలరు’, ‘చెల్లించగలరు’ అన్నప్పుడు అది మర్యాద తొడిగిన ఆజ్ఞ. ఆ భాషకు అలవాటుపడిన పాఠకుడు, అందరూ తప్పక మ్యూట్ చేయాలి కాబోలు అనుకొంటాడు.

‘మ్యూట్ చేసుకోవచ్చు’ అన్నదే సరైన రూపం. ‘వచ్చు’లో ఎంపిక వినేవారిదే. దానికి ‘చేసుకొను’లోని ‘కొను’ తోడైనప్పుడు, ఆ పని వారి కొరకే వారు చేసుకొనేదన్న అర్థం వస్తుంది. ఇంకొక అడుగు వేసి, ‘మ్యూట్ చేసుకొన్నా ఎవరూ ఏమీ అనుకోరు’ అని చేర్చితే మాట పూర్తవుతుంది. మన వీధుల్లో మనుషులు వెనుకాడేది అనుమతి లేక కాదు, నలుగురూ ఏమనుకొంటారోనన్న సంకోచం వలన. ఆ సంకోచాన్ని పేరుపెట్టి తొలగించడమే ఇక్కడ దయ. ‘దయచేసి’ అనే మాటను వాక్యం ముందు అతికించినంత మాత్రాన ఆ దయ రాదు. ‘దయచేసి వెంటనే బదులివ్వండి’ అన్నప్పుడు వినిపించేది ‘వెంటనే’ మాత్రమే.

మ్యూట్ అన్న పరభాషా పదాన్నే ఎందుకు ఉంచడమని కొందరు అడగవచ్చు. ఫోను తెరమీద వెతకవలసిన మాట అదే కనుక దానిని వదలలేము. పక్కనే ‘శబ్దం ఆపుకోవడం’ అని చెబితే పెద్దలకు కూడా తెలుస్తుంది. ‘మౌనం’ అన్న మాటను మాత్రం ఇక్కడ వాడకపోవడం మేలు. ‘గ్రూపును మౌనంలో ఉంచవచ్చు’ అంటే, సభ్యుడు మాట్లాడకుండా ఉండాలన్న అర్థం కూడా వస్తుంది. పైగా ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న నానుడి మన మనసులలో పాతుకొని ఉన్నది. శబ్దం ఆపుకొన్న మనిషి ఒప్పుకొన్నట్లు కాదు. ఈ తేడా ఎంత ముఖ్యమో కొంత ముందుకు పోయిన తరువాత ఒక ఉదాహరణలో తెలుస్తుంది.

రెండవ మాట, గడువు. ‘ఒక రోజులోగా’ అన్నది తేలికగా కనిపిస్తుంది, కాని రోజును ఎక్కడినుండి లెక్కించాలి? సందేశం పంపిన క్షణం నుండా, సభ్యుడు చదివిన క్షణం నుండా? ‘రేపటిలోగా’ అంటే ఇంకా చిక్కు: రేపు రాకముందే అని ఒకరు, రేపు ముగిసేలోపల అని మరొకరు గ్రహిస్తారు. ఈ రెండింటికంటె ‘రేపు ఈ వేళకు’ అన్నది మన వాడుకలో ఉన్న మాట, తూచినట్లుండే మాట. రాత్రి ఏడు గంటలకు అడిగితే మరునాటి రాత్రి ఏడు. సందేశం పైన పంపిన వేళ కనిపిస్తూనే ఉంటుంది గనుక తగవు లేదు. షిఫ్టులు ఏవైనా, పూర్తి ఇరువదినాలుగు గంటలలో ప్రతివారికీ మెలకువగా, తీరికగా ఉండే ఒక అరగంట దొరుకుతుంది. ఒక రోజు అన్న గడువుకు కారణం ఇదే. పన్నెండు గంటలంటే రాత్రి షిఫ్టువారికి అన్యాయం. మూడు రోజులంటే అడిగినవారే మరచిపోతారు.

క్రియ విషయంలో ఇక్కడ కూడా ‘బదులివ్వాలి’ కంటె ‘బదులిస్తే చాలు’ మేలు. మొదటిది భారం మోపుతుంది, రెండవది భారాన్ని దించుతుంది. గడువు మాత్రం రెండింటిలోను ఒకటే. మన పొరుగు భాషలలోను ఇదే భేదం ఉన్నది. తమిళ ప్రకటనల్లో కనిపించే ‘పదిల్ అళిక్కవుం’ కార్యాలయపు గొంతు. ‘పదిల్ సొన్నాల్ పోదుం’ పొరుగింటి గొంతు. కన్నడంలో ‘ఉత్తర కొట్టరె సాకు’ అన్నా ఆ పొరుగింటి గొంతే వినిపిస్తుంది. మూడు భాషలవారున్న వీధిలో పరిచయ వాక్యాన్ని మూడు భాషలలో రాసేటప్పుడు, ఒకదానిలో ‘చాలు’ అని, మరొకదానిలో ఆజ్ఞార్థం రాకుండా చూసుకోవాలి. లేకుంటే ఒక భాషవారికి చనువు, మరొకరికి హుకుం అందినట్లవుతుంది.

ఇప్పుడు ఆ వాక్యాన్ని కూర్చి చూద్దాం. కింది నమూనాను యథాతథంగా గాని, మీ వీధికి తగినట్లు మార్చి గాని వాడుకోవచ్చు.

‘అందరికీ నమస్కారం. ఈ గ్రూపు మన వీధి నీరు, చెత్త, దీపాల విషయాలకు. మీ నిద్రకు, పనికి ఇబ్బంది కలిగితే గ్రూపును మ్యూట్ చేసుకోవచ్చు, అంటే శబ్దం ఆపుకోవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. ఏదైనా అడిగినప్పుడు, వీలు చూసుకొని, మరునాడు ఆ వేళకు బదులిస్తే చాలు. ఆలోగా మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టరు. ప్రమాదం, ఆపద వంటివి గ్రూపులో కాక ఫోను చేసి చెబుదాం. బదులు రాకపోతే ఒప్పుకొన్నట్లుగా లెక్కించము.’

ఇంతకు మించి రాయవద్దని నా అభిప్రాయం. నియమాలు పదిహేనైతే ఎవరూ చదవరు, చదివినవారికి కూడా పాఠశాల నోటీసు బల్ల గుర్తుకు వస్తుంది. ఈ సందేశాన్ని గ్రూపు వివరణలో, అంటే గ్రూపు పేరు తాకితే కనిపించే చోట పెట్టాలి. సంభాషణ పైన పిన్ చేయడం కూడా మంచిదే గాని, పిన్‌కు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అనే గడువులే ఉన్నాయి. నెల తిరిగేసరికి అది దానంతట అదే తొలగిపోతుంది. కొత్తగా అద్దెకు వచ్చి చేరినవారికి పాత సందేశాలు సాధారణంగా కనిపించవు. వారికి దొరికేది వివరణ ఒక్కటే.

మరొక సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకం. ఇంట్లో తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళమో ఇంగ్లీషో చదివి, తెలుగు లిపి చదవలేనివారు మన వీధుల్లో చాలామంది ఉన్నారు. వారికొరకు ఈ సందేశాన్నే అరనిమిషం మాటగా రికార్డు చేసి పంపితే మంచిది. వీధిలో అందరికీ తెలిసిన గొంతైతే మరీ మంచిది. రాసిన మాటలో లేని మెత్తదనం ఆ గొంతులో తానే వస్తుంది.

ఇక ఉదాహరణ. ముప్పైఎనిమిది ఇండ్ల ఒక వీధిని ఊహించుకొందాం; ఇంటికొక ఫోను చొప్పున గ్రూపులో ముప్పైఎనిమిదిమంది. వీధి చివర బోరు నీటితో నిండే చిన్న తొట్టి ఒకటి ఉన్నది. దానిని ఖాళీ చేసి, అడుగున పేరిన మట్టి ఎత్తి, బ్లీచింగ్ పొడి నీటితో గోడలు రుద్ది, రెండుమార్లు కడిగి, మరల నింపాలి. ఇందుకు ఆదివారం ఉదయం ఎనిమిది నుండి పన్నెండు వరకు నీరు ఆపాలి. గ్రూపు నడిపే వ్యక్తి గురువారం రాత్రి ఏడింటికి ఇట్లా రాశారు: ‘ఆదివారం ఉదయం 8 నుండి 12 వరకు తొట్టి శుభ్రం చేయిస్తాం, నీరు రాదు. శనివారమే పట్టుకొని ఉంచుకోండి. ఆ రోజు ఇంట్లో శుభకార్యమో, మరేదైనా అవసరమో ఉంటే రేపు రాత్రి 7 గంటలకు చెబితే చాలు, దినం మార్చుకొందాం.’

ఈ సందేశంలో గమనించవలసినది గడువుకు, పనికి మధ్య ఉన్న ఎడం. బదులుకు ఒక రోజు ఇస్తామని మాట ఇచ్చినవారు, శనివారం రాత్రి అడిగి ఆదివారం ఉదయం పని పెట్టుకోరాదు. ఒక రోజు బదులుకు, ఆ బదులును బట్టి ఏర్పాట్లు మార్చుకోవడానికి కనీసం మరొక రోజు. సభ్యులకు ఇచ్చిన సౌకర్యానికి వెల ఇది. దానిని చెల్లించేది అడిగేవారు. ఈ క్రమశిక్షణ లేని చోట ‘రేపటికి చాలు’ అన్న మాట రెండు వారాల్లోనే ‘వెంటనే చెప్పండి’గా మారిపోతుంది.

గురువారం రాత్రే పద్నాలుగు బదుళ్లు వచ్చాయి. రాత్రి షిఫ్టులో ఉన్నాయన తెల్లవారుజామున ఇంటికి వచ్చే బస్సులో చూసి ‘సరే’ అని రాసి, ఇల్లు చేరి నిద్రపోయాడు. శుక్రవారం ఉదయం పదకొండుకు లెక్క ఇరువదినాలుగు. సరిగ్గా ఇక్కడే నడిపేవారి చేయి ఊరుకోదు. ‘మిగిలిన పద్నాలుగు ఇండ్లవారు?’ అని ఒక్క మాట రాయాలనిపిస్తుంది. రాస్తే ఏమవుతుందో చూడండి. బదులిచ్చినవారికి అది పనికిరాని మోత, బదులివ్వనివారికి నలుగురిలో పిలిచి అడిగినట్లు. పైగా గడువు ఇంకా ఎనిమిది గంటలున్నది. ఇచ్చిన మాటను ఇచ్చినవారే తప్పినట్లవుతుంది. మన ఉదాహరణలోని వ్యక్తి ఏమీ రాయలేదు.

సాయంత్రం ఐదింటికి ముప్పైఒక్క బదుళ్లున్నాయి. అప్పుడు ఆయన తన సందేశాన్ని నొక్కిపట్టి, దాని ‘Info’ చూశారు. అక్కడ ‘Read by’ కింద చదివినవారి పేర్లు, ‘Delivered to’ కింద చేరినా చదవనివారి పేర్లు ఉంటాయి. బదులివ్వని ఏడుగురిలో నలుగురు చదివారు, ముగ్గురు చదవలేదు. చదవని ముగ్గురికీ ఆయన ఫోను చేశారు. ఒకరు ఊరికి పోయి ఉన్నారు, ఇంట్లో ఎవరూ లేరు. రెండవది మూలయింటి పెద్దాయన. మనుమడు ఆరింటికి గాని రాడు, విషయం నోటితోనే చెప్పారు. మూడవవారి ఫోను పాడైపోయింది, పక్కింటివారు పోయి చెప్పారు. చదివిన నలుగురిని మాత్రం కదల్చలేదు. వారికి విషయం తెలుసు, గడువు వారి చేతిలో ఉన్నది. చదవనివారికి గుర్తుచేయడం సాయం; చదివినవారికి గడువులోపల గుర్తుచేయడం తొందరపెట్టడం.

ఈ జాబితాను నమ్మడంలో కొంత జాగ్రత్త అవసరం. నీలి గుర్తులు గ్రూపులో అందరూ చదివిన తరువాతే వస్తాయి గనుక, అవి రానంత మాత్రాన ఫలానివారు చూడలేదని అనుకోరాదు. ఇంట్లో పిల్లవాడు ఆటకోసం ఫోను తీసి గ్రూపు తెరిచినా యజమాని చదివినట్లే చూపుతుంది. తెరమీద తొంగిచూసే నోటిఫికేషన్‌లోనే మొత్తం చదివి గ్రూపు తెరవనివారు చదవనట్లే ఉంటారు. కావున అది అంచనాకే, సాక్ష్యానికి కాదు. ‘ఫలానివారు చదివి కూడా బదులివ్వలేదు’ అని ఆ జాబితా చిత్రాన్ని గ్రూపులో పెట్టడం కంటె వేగంగా ఒక వీధిని రెండుగా చీల్చే పని మరొకటి ఉండదు.

ఆరు నలభైకి, చదివిన నలుగురిలో ఒకామె రాశారు: ‘అన్నా, ఆదివారం మా కోడలి సీమంతం. యాభైమందికి వంట. నిన్ననే చూశాను, మా ఆయనతో మాట్లాడి చెబుదామని ఆగాను.’ ఆమె గ్రూపును ఎప్పుడో మ్యూట్ చేసుకొన్నవారే. పదకొండింటికి ఎవరైనా నిలదీసి ఉంటే, మొగమాటానికి ‘సరే’ అని ఉండేవారేమో. తరువాత యాభైమంది ఇంటికి నీళ్లు మోసుకొనే బాధ ఆమెది, చెప్పలేదన్న నింద వీధిది అయ్యేది. ఏడింటికి ఒకే ఒక సందేశం వెళ్లింది: ‘ఒకరింట శుభకార్యం ఉన్నందున తొట్టి పని వచ్చే ఆదివారానికి మార్చాము. వేళ అదే. బదులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.’ పేరు పెట్టలేదు. సీమంతం కబురు వీధికి ఎప్పుడు, ఎట్లా తెలియాలన్నది ఆ ఇంటివారి ఇష్టం.

చదివి కూడా చివరిదాకా బదులివ్వనివారు ముగ్గురు మిగిలారు. వారిని ఒప్పుకొన్నవారిగా లెక్కించవచ్చునా? నీరు నాలుగు గంటలు ఆపే విషయంలో, వారు అభ్యంతరం చెప్పలేదని మాత్రమే అనుకొని పని చేయవచ్చు. కబురు అందింది, అడ్డు చెప్పే అవకాశం అందింది, నష్టం స్వల్పం. అదే తొట్టికి కొత్త మోటారు కొనడానికి ఇంటికి ఇంత చొప్పున వసూలు చేసే విషయమైతే, బదులు రానివారి మౌనం దేనికీ చెల్లదు. డబ్బు, హద్దు, ఫిర్యాదు పత్రంపై సంతకం, ఈ మూడింటికీ గ్రూపు చాలదు. ఇంటికి పోయి అడగాలి. నమూనాలోని చివరి వాక్యం పెట్టినది ఇందుకే. అది లేకుంటే, శబ్దం ఆపుకొన్నవారు ఒకనాడు గ్రూపు తెరిచేసరికి తమ పేరున ఒప్పందం జరిగిపోయి ఉంటుంది. అటుతరువాత ఎవరూ మ్యూట్ చేసుకోరు, లేదా గ్రూపులోనే ఉండరు.

ఆపద విషయం వేరు. మ్యూట్ చేసుకోవచ్చునని చెప్పిన క్షణం నుండి ఆ గ్రూపు అత్యవసర గంటగా పనికిరాదన్నది అందరూ ఒప్పుకోవాలి. తీగ తెగి రోడ్డుమీద పడినా, గ్యాసు వాసన వచ్చినా, చిన్నపిల్ల కనిపించకపోయినా గ్రూపులో రాసి ఎదురుచూడరాదు. మొదట 112కు, మంటలైతే 101, అంబులెన్సుకు 108. తరువాత వీధిలో ముందే అనుకొన్న ఇద్దరికి ఫోను. ఆ ఇద్దరి ఎంపికలో ఒక మెలకువ ఉన్నది: ఇద్దరూ ఒకే షిఫ్టువారు కారాదు. పగలు ఇంట ఉండేవారొకరు, రాత్రి ఇంట ఉండేవారొకరు. వారి పేర్లు, నంబర్లు వారి సమ్మతితో గ్రూపు వివరణలో ఉంచాలి. వారు తమ ఫోను మోగనివ్వడానికి ఒప్పుకొన్నందునే మిగిలిన ముప్పైఆరుమంది నిశ్చింతగా శబ్దం ఆపుకోగలరు. ఈ బాధ్యతను ఆరు నెలలకొకసారి మరొక ఇద్దరికి మార్చడం న్యాయం.

ఏర్పాటు చెడుతున్నదని ఎట్లా తెలుస్తుంది? కొన్ని గుర్తులున్నాయి. ‘చూశారా?’, ‘ఎవరూ మాట్లాడరేమి?’ అన్న సందేశాలు గడువులోపలే రావడం మొదటిది. బదులివ్వనివారికి విడిగా ఫోనులు పోతున్నాయని వినిపించడం రెండవది. బదులుల్లో క్షమాపణలు పెరగడం మూడవది, ఇది అంత తేలికగా కంటపడదు. ‘ఆలస్యానికి మన్నించండి, పనిలో ఉన్నాను’ అని గడువుకు పది గంటల ముందే ఒకరు రాశారంటే, మనం చెప్పిన ఒక రోజును వారు నమ్మలేదన్నమాట. అప్పుడు ‘ఆలస్యమేమీ లేదమ్మా, ఏడింటివరకు వేళ ఉన్నది’ అని ఒక్క బదులు చాలు. ఆ బదులు ఆమెకే కాదు, చదివే ప్రతివారికీ చేరుతుంది.

ఎదురు గుర్తు కూడా ఉన్నది. గడువు దాటినా సగానికి సగం ఇండ్లనుండి ఏ బదులూ రావడం లేదంటే, సభ్యుల అలసత్వమని తీర్పు చెప్పేముందు అడిగిన తీరును చూడాలి. ఒకే సందేశంలో నాలుగు ప్రశ్నలున్నాయా? బదులు ‘సరే, కాదు’లలో ఇమడని ప్రశ్నా? గడువు వేళ రాశారా? చాలావరకు చిక్కు ఈ మూడింటిలోనే దొరుకుతుంది. శుభోదయాల వెల్లువలో ప్రశ్న మునిగిపోయి ఉంటే, కబుర్లకు వేరొక గ్రూపు పెట్టుకోవడం మేలు. లేదా నీటి, చెత్త ప్రకటనల గ్రూపులో నడిపేవారు మాత్రమే రాసేటట్లు అమర్చుకోవచ్చు. అప్పుడు బదులులు వారికి విడిగా వస్తాయి, వీధికి మోత తగ్గుతుంది. కాని సీమంతం వంటి సంగతిని నలుగురూ చూసి ‘అట్లాగే కానిద్దాం అక్కా’ అనే వీలు ఆ అమరికలో ఉండదు. ముప్పైనలభై ఇండ్ల వీధికి అందరూ రాసే గ్రూపే నాకు ఇష్టం. నూరు దాటిన కాలనీకి రెండవది తప్పదు.

పిన్ చేసిన సందేశం నెలకొకసారి తొలగిపోతుందని పైన చెప్పాము. దానిని మరల పెట్టే రోజున, ఆ నెల కొత్తగా చేరిన ఇండ్లవారికి మాటగా రికార్డు చేసినది కూడా పంపాలి. ఆపదకు ఫోను చేయవలసిన ఇద్దరి నంబర్లు పనిచేస్తున్నాయో లేదో ఆ రోజే ఒకసారి మోగించి చూడాలి.